ఒక డిపాజిట్, మూడు లెక్కలు: రిటైరైనవారి ఎఫ్‌డీలో చేతికొచ్చేది ఎంత?

బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసినప్పుడు వడ్డీ తీసుకోవడానికి ప్రధానంగా రెండు మార్గాలుంటాయి. వడ్డీని అసలులో కలుపుకుంటూ పోయి గడువు తీరాక మొత్తం ఒకేసారి తీసుకోవడం మొదటిది. దీన్ని క్యుములేటివ్ డిపాజిట్ అంటారు. అసలును కదపకుండా వడ్డీని మాత్రం నెలనెలా లేదా మూడు నెలలకోసారి పొదుపు ఖాతాలో వేయించుకోవడం రెండోది. రెండింటికీ బ్యాంకు బోర్డు మీద కనిపించే వడ్డీ రేటు ఒకటే. కానీ చివరికి చేతికొచ్చే సొమ్ము మాత్రం ఒకటి కాదు. దానికి తోడు పన్ను కోత ఎప్పుడు, ఎలా పడుతుందన్నది కూడా ఈ ఎంపికను బట్టి మారుతుంది.

ఈ తేడాలన్నీ తెలియడానికి ఒక ఊహా ఉదాహరణ చాలు. ఆంధ్రప్రదేశ్‌లో 62 ఏళ్లకు పదవీ విరమణ చేసిన ప్రభుత్వ ఉపాధ్యాయుడు ఒకరున్నారనుకుందాం. నెలకు 60,000 రూపాయల పెన్షన్ వస్తోంది. విరమణ సమయంలో అందిన సొమ్ములో 20 లక్షలను అయిదేళ్లకు ఎఫ్‌డీ వేశారు. మామూలు ఖాతాదారులకు బ్యాంకు ఇచ్చే రేటు 6.5 శాతం. అరవై ఏళ్లు దాటినవారికి చాలా బ్యాంకులు అదనంగా ఇచ్చే అర శాతం కలిపితే 7 శాతం. ఈ రేటు లెక్క కోసం తీసుకున్నది మాత్రమే. అసలు రేట్లు బ్యాంకును, కాలాన్ని బట్టి మారుతుంటాయి.

గడువు తీరాక వచ్చే మొత్తం

మన బ్యాంకులు క్యుములేటివ్ డిపాజిట్ మీద చక్రవడ్డీని మూడు నెలలకోసారి కడతాయి. ఏడాదికి 7 శాతమంటే మూడు నెలలకు 1.75 శాతం. మొదటి మూడు నెలలు గడవగానే 20 లక్షల మీద 35,000 రూపాయలు వడ్డీ పడి అసలులో కలుస్తుంది. తర్వాతి మూడు నెలలకు వడ్డీ లెక్క 20,35,000 రూపాయల మీద జరుగుతుంది కాబట్టి అది 35,612 అవుతుంది. అయిదేళ్లలో ఇలా ఇరవై సార్లు జరుగుతుంది. దాన్ని ఒక్క సూత్రంలో ఇలా రాస్తారు:

```
A = P × (1 + r/4)^(4n)
```

ఇందులో P అసలు, r వార్షిక వడ్డీ రేటు, n ఏళ్ల సంఖ్య, A గడువు తీరాక వచ్చే మొత్తం. ఈ ఉదాహరణలో 1.0175ను ఇరవై సార్లు గుణిస్తే 1.41478 వస్తుంది. కాబట్టి 20 లక్షలు 28,29,556 రూపాయలవుతాయి. వడ్డీ వాటా 8,29,556. ఇదే సొమ్ముకు బారువడ్డీ లెక్క కడితే అయిదేళ్లకు 7 లక్షలే. పైన కనిపించే లక్షా ముప్పై వేల దాకా తేడా వడ్డీ మీద వడ్డీ పుట్టించినదే.

వడ్డీ ఏటా సమానంగా పెరగదు. మొదటి ఏడాది 1,43,718 రూపాయలు వస్తే, అయిదో ఏడాది 1,89,697 వస్తాయి. పన్ను లెక్కకు వచ్చేసరికి ఈ పెరుగుదల అక్కరకొస్తుంది కనుక గుర్తుపెట్టుకోవాలి.

ఇక్కడే ఒక తికమక ఉంది. కొన్ని ప్రకటనల్లో రేటు 7 శాతమని రాసి, పక్కన ‘రాబడి 8.30 శాతం’ అని ఇంకో అంకె వేస్తారు. మొత్తం వడ్డీ 8,29,556ను అసలుతో భాగించి, దాన్ని అయిదేళ్లకు సమానంగా పంచితే 8.30 వస్తుంది. ఆ లెక్కలో తప్పు లేదు గానీ, అది ఏటా వచ్చే వడ్డీ రేటు కాదు. గడువు పెంచిన కొద్దీ ఆ అంకె దానంతటదే పెరుగుతుంది. రెండు బ్యాంకుల్ని పోల్చేటప్పుడు చూడాల్సింది అసలు రేటును, చక్రవడ్డీ ఎన్ని నెలలకోసారి కడుతున్నారన్నదాన్ని.

నెలనెలా వడ్డీ తీసుకుంటే

పల్లెల్లో అప్పుల లెక్క ‘నూటికి రూపాయి’ అన్న మాటతో నడుస్తుంది. నూరు రూపాయలకు నెలకు ఒక రూపాయి, అంటే ఏడాదికి 12 శాతం. ఆ కొలతలో చూస్తే 7 శాతం ఎఫ్‌డీ నూటికి 58 పైసల వడ్డీ. ఇంకొంచెం సూటిగా, ఏడు శాతాన్ని పన్నెండుతో భాగిస్తే 20 లక్షలకు నెలకు 11,667 రూపాయలు రావాలి. కానీ బ్యాంకు వేసేది 11,599 రూపాయలే. నెలకు 67, 68 రూపాయలు తగ్గింది. పాసుబుక్కు చూసుకున్న చాలామంది దీన్ని బ్యాంకు పొరపాటనుకుంటారు.

అది పొరపాటు కాదు. ఎఫ్‌డీ వడ్డీకి లెక్క మూడు నెలలకోసారి. మూడు నెలలు ఆగితే రావాల్సిన 35,000ను నెలనెలా అడిగితే, మొదటి వాయిదా రెండు నెలల ముందే, రెండోది ఒక నెల ముందే చేతికొస్తోంది. ముందుగా ఇస్తున్నందుకు బ్యాంకు ఆ మేరకు తగ్గించి ఇస్తుంది. దీన్ని సరిచూసుకోవడం తేలిక. మొదటి 11,599ని అదే రేటుకు రెండు నెలలు, రెండో 11,599ని ఒక నెల వడ్డీకి వేసి, మూడోదాన్ని కలిపితే సరిగ్గా 35,000 తేలుతుంది. నెలకోసారి చేతిలో డబ్బు ఆడాల్సిన అవసరం లేనివారు మూడు నెలల చెల్లింపు ఎంచుకుంటే 35,000 పూర్తిగా వస్తుంది. రోజుల లెక్కలోనూ రూపాయల సవరింపులోనూ ఒక బ్యాంకుకూ మరోదానికీ కొద్దిపాటి తేడా ఉండొచ్చు.

నెలకు 11,599 చొప్పున ఏడాదికి సుమారు 1,39,190 రూపాయలు, అయిదేళ్లకు దాదాపు 6,95,950 రూపాయలు వస్తాయి. గడువు తీరాక 20 లక్షల అసలు తిరిగి వస్తుంది. క్యుములేటివ్ డిపాజిట్‌తో పోలిస్తే మొత్తం వడ్డీ లక్షా ముప్పై మూడు వేలు తక్కువ. ఇది నష్టమేమీ కాదు. ఆ వడ్డీని నెలనెలా వాడుకున్నారు కాబట్టి అది మళ్లీ వడ్డీ పెట్టలేదు, అంతే. నెలవారీ చెల్లింపులో అసలు సమస్య మరొకటి. అయిదో ఏడాది చివరి నెలలో వచ్చేదీ ఆ 11,599 రూపాయలే, గడువు తీరాక తిరిగొచ్చేదీ ఆ 20 లక్షలే. ఈలోగా మందుల బిల్లు పెరిగినా నెలసరి సొమ్ము పెరగదు.

టీడీఎస్: బ్యాంకు ముందే పట్టుకునే సొమ్ము

ఎఫ్‌డీ వడ్డీకి పన్ను మినహాయింపేమీ లేదు. ‘ఇతర మార్గాల ఆదాయం’ కింద పెన్షన్‌తో కలిపి లెక్క చూపాలి. అయితే పన్ను లెక్క తేలకముందే బ్యాంకు కొంత పట్టుకుని ప్రభుత్వానికి కడుతుంది. అదే టీడీఎస్. 2025 ఏప్రిల్ 1 నుంచి అరవై దాటినవారికి ఒక బ్యాంకులో ఏడాది వడ్డీ లక్ష రూపాయలు మించితేనే టీడీఎస్ పడుతుంది. అంతకుముందు ఈ పరిమితి 50,000. ఒకే బ్యాంకుకు చెందిన వేర్వేరు శాఖల్లో ఉన్న డిపాజిట్లన్నిటినీ కలిపే ఈ లెక్క చూస్తారు. పాన్ ఇచ్చినవారికి కోత 10 శాతం, ఇవ్వకపోతే 20 శాతం.

లక్ష దాటితే పైనున్న దాని మీదే కోత పడుతుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. పరిమితి దాటితే మొత్తం వడ్డీ మీద 10 శాతం కోస్తారు. పై ఉదాహరణలో ఏడాది వడ్డీ 1,39,190 కాబట్టి 13,919 రూపాయలు పోతుంది. నెలకు 11,599 రావాల్సిన చోట 10,439 మాత్రమే పొదుపు ఖాతాలో పడుతుంది.

క్యుములేటివ్ డిపాజిట్‌లో చేతికి పైసా రాకపోయినా టీడీఎస్ ఆగదు. ఏటా ఎంత వడ్డీ పోగైందో బ్యాంకు లెక్కగట్టి దాని మీద కోస్తుంది. ఆ కోతను కొన్ని బ్యాంకులు పొదుపు ఖాతా నుంచి తీసుకుంటాయి, కొన్ని డిపాజిట్‌లోని వడ్డీ నుంచే తీసేస్తాయి. రెండో పద్ధతిలో రసీదు మీద అచ్చువేసిన మెచ్యూరిటీ మొత్తం చేతికి రాదు. ప్రతి మూడు నెలల వడ్డీలోనూ పదో వంతు తీసేస్తూ పోతే అయిదేళ్లకు వచ్చేది 28,29,556 కాదు, సుమారు 27,33,800. తగ్గిన 95,750లో 81,530 టీడీఎస్. అది పన్ను ఖాతాలో జమై ఉంటుంది కాబట్టి పన్ను లేనివారు రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు. మిగిలిన 14,200 మాత్రం కోసేసిన సొమ్ము డిపాజిట్‌లో ఉండి ఉంటే పుట్టాల్సిన వడ్డీ. దాన్ని బ్యాంకు ఇవ్వదు.

ఫారం 15హెచ్

మొత్తం ఆదాయం మీద పన్ను సున్నా అయ్యే సీనియర్ సిటిజన్లు ఆ మాటను ముందుగానే బ్యాంకుకు రాసివ్వడానికి ఉన్నదే ఫారం 15హెచ్. అది ఇస్తే టీడీఎస్ కొయ్యరు. ఏటా ఏప్రిల్‌లో, డిపాజిట్ ఉన్న ప్రతి బ్యాంకులోనూ విడివిడిగా ఇవ్వాలి. నిరుడు ఇచ్చింది ఈ ఏడాదికి పనికిరాదు. ఆలస్యంగా ఇస్తే అప్పటికే కోసిన సొమ్ము బ్యాంకు నుంచి వెనక్కి రాదు, రిటర్ను దారిలోనే రావాలి. ఇక్కడ చెప్పినవి 2025-26 ఆర్థిక సంవత్సరపు నిబంధనలు. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యే 2025 ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ల, ఫారాల నంబర్లు మారతాయి.

పన్ను నిజంగానే సున్నా అవుతుందా అన్నది చూసుకోకుండా ఈ ఫారం ఇవ్వకూడదు. ఉపాధ్యాయుడి లెక్క కొత్త పన్ను విధానంలో ఇలా ఉంటుంది. ఏడాది పెన్షన్ 7,20,000. అందులో స్టాండర్డ్ డిడక్షన్ 75,000 తీసేస్తే 6,45,000. నెలవారీ వడ్డీ 1,39,190 కలిపితే 7,84,190. నాలుగు లక్షల దాకా పన్ను లేదు, ఆపైన ఎనిమిది లక్షల దాకా 5 శాతం. కాబట్టి పన్ను 19,210 రూపాయలు తేలుతుంది. అయితే 2025-26లో మొత్తం ఆదాయం 12 లక్షలు దాటనివారికి 87ఏ రిబేటు ఆ పన్నును పూర్తిగా తీసేస్తుంది. చివరికి కట్టాల్సింది సున్నా. రిబేటు తర్వాత పన్ను సున్నా అయినా 15హెచ్ ఇవ్వవచ్చు.

పాత విధానంలో వడ్డీకి ఒక ప్రత్యేక వెసులుబాటు ఉంది. సెక్షన్ 80టీటీబీ కింద సీనియర్ సిటిజన్లు బ్యాంకు, పోస్టాఫీసు వడ్డీలో 50,000 దాకా తగ్గించుకోవచ్చు. కొత్త విధానంలో ఇది లేదు. ఆ ఒక్క కారణంతో పాత విధానాన్ని పట్టుకుని ఉండేవారున్నారు. ఇదే ఉపాధ్యాయుడికి పాత విధానంలో స్టాండర్డ్ డిడక్షన్ 50,000, 80టీటీబీ 50,000 పోగా ఆదాయం 7,59,190 నిలుస్తుంది. మరే మినహాయింపులూ లేకపోతే సెస్సుతో కలిపి పన్ను దాదాపు 64,300 రూపాయలు. కొత్తదానిలో సున్నా. కనుక యాభై వేల తగ్గింపు పోతుందన్న బెంగతో పాతదానిలో ఉండిపోవడం ఆయనకు నష్టమే.

15హెచ్ ఇచ్చినంత మాత్రాన రిటర్ను వేసే బాధ్యత తీరిపోదు. కొత్త విధానంలో మొత్తం ఆదాయం నాలుగు లక్షలు దాటినవారు పన్ను సున్నా అయినా సాధారణంగా రిటర్ను వెయ్యాలి. అదృష్టవశాత్తూ అడ్వాన్స్ ట్యాక్స్ బెడద మాత్రం లేదు. వ్యాపార ఆదాయం లేని సీనియర్ సిటిజన్లను చట్టం దాని నుంచి మినహాయించింది. పన్ను ఏమైనా కట్టాల్సి ఉంటే రిటర్ను వేసేముందు కట్టేస్తే సరిపోతుంది.

వడ్డీని ఏ ఏడాది చూపాలి?

క్యుములేటివ్ డిపాజిట్ వేసినవారు ఎక్కువగా చేసే పొరపాటు ఇక్కడే ఉంది. డబ్బు చేతికి రాలేదు కదా అని నాలుగేళ్లు రిటర్నులో వడ్డీ ఊసెత్తరు. అయిదో ఏట మొత్తం ఒకేసారి చూపుతారు. ఉపాధ్యాయుడు అలా చేస్తే, పన్ను రేట్లు ఇలాగే ఉన్నాయనుకుంటే, ఆ ఒక్క ఏడాది ఆదాయం 6,45,000కి 8,29,556 కలిసి 14,74,556కు చేరుతుంది. పన్నెండు లక్షల గీత దాటింది కాబట్టి రిబేటు పోతుంది. పన్ను, సెస్సు కలిపి దాదాపు 1,05,230 రూపాయలు కట్టాలి.

అదే వడ్డీని ఏ ఏటికాయేడు పోగైనంత మేరకు చూపుకుంటూ పోతే, అత్యధికంగా ఉండే అయిదో ఏడాదిలో కూడా 6,45,000కి 1,89,697 కలిపి ఆదాయం 8,34,697 దాటదు. అయిదేళ్లూ పన్ను సున్నా. సొమ్ము ఒకటే, వడ్డీ ఒకటే. చూపిన పద్ధతిలో తేడా వల్ల లక్ష రూపాయలు పోవడమో, మిగలడమో జరుగుతుంది. వడ్డీని చేతికొచ్చినప్పుడు చూపే పద్ధతినీ చట్టం ఒప్పుకుంటుంది గానీ, ఏదో ఒకదాన్నే క్రమంగా పాటించాలి. పైగా బ్యాంకు ఏటా వడ్డీ వివరాల్ని పన్ను శాఖకు పంపుతుంది. అవి ఆదాయపు పన్ను పోర్టల్‌లో ఏఐఎస్‌లో కనిపిస్తాయి. అక్కడున్న వడ్డీ రిటర్నులో లేకపోతే నోటీసు రావచ్చు. కోసిన టీడీఎస్ కూడా ఏ ఏడాదిది ఆ ఏడాది ఫారం 26ఏఎస్‌లో నమోదవుతుంది. కనుక రిటర్ను వేసేముందు బ్యాంకు ఇచ్చే వడ్డీ సర్టిఫికెట్‌ను ఈ రెండింటితో పక్కపక్కన పెట్టి చూసుకోవాలి.

మధ్యలో తీసేస్తే

కోటి రూపాయల లోపు డిపాజిట్లను గడువుకు ముందే తీసుకునే వీలు బ్యాంకులు ఇచ్చి తీరాలని 2023 అక్టోబరులో రిజర్వు బ్యాంకు చెప్పింది. పన్ను ఆదా కోసం వేసే అయిదేళ్ల డిపాజిట్‌కు మాత్రం ఆ వీలు లేదు. మధ్యలో తీస్తే ఒప్పుకున్న రేటు రాదు. సొమ్ము ఎంతకాలం ఉందో ఆ కాలానికి డిపాజిట్ వేసిన నాడున్న రేటులోంచి, సాధారణంగా అర శాతం నుంచి ఒక శాతం దాకా జరిమానా తగ్గించి ఇస్తారు.

నెలవారీ వడ్డీ తీసుకునేవారికి ఇది మరో రకంగా తగులుతుంది. ఉపాధ్యాయుడు ఏడాది నిండగానే ఇంట్లో ఆపరేషన్ ఖర్చుకు డిపాజిట్ రద్దు చేసుకున్నారనుకుందాం. ఏడాది డిపాజిట్ రేటు 6.75 శాతం, జరిమానా ఒక శాతం అయితే దక్కే రేటు 5.75. ఆ రేటున ఏడాదికి నెలవారీ లెక్కలో 1,14,450 రూపాయలే రావాలి. కానీ అప్పటికే 1,39,190 తీసేసుకున్నారు. ఎక్కువ వెళ్లిన 24,700కు పైగా సొమ్మును బ్యాంకు అసలులోంచి మినహాయిస్తుంది. ఇరవై లక్షలకు బదులు పందొమ్మిది లక్షల డెబ్బై అయిదు వేలు తిరిగొస్తాయి.

అందుకే 20 లక్షల్ని ఒకే రసీదు మీద వేయకుండా అయిదేసి లక్షల చొప్పున నాలుగు రసీదులు తీసుకోవడం మేలు. అవసరపడితే ఒకటి మాత్రమే తీసుకోవచ్చు, మిగతా మూడింటి రేటు చెక్కుచెదరదు. ఆ నాలుగింటినీ వేర్వేరు బ్యాంకుల్లో వేస్తే ఇంకో ప్రయోజనం ఉంది. బ్యాంకు మూతపడితే డిపాజిట్ బీమా సంస్థ ఒక్కో బ్యాంకులో ఒక్కో ఖాతాదారుకు అసలు, వడ్డీ కలిపి 5 లక్షల దాకానే చెల్లిస్తుంది. 2020 ఫిబ్రవరి 4 నుంచి ఉన్న పరిమితి ఇది. ఒక్కో బ్యాంకులో ఏడాది వడ్డీ 34,800 దాటదు కాబట్టి 15హెచ్ లేకపోయినా టీడీఎస్ పడదు. అయితే కోత లేదంటే పన్ను లేదని కాదు. నాలుగు బ్యాంకుల వడ్డీనీ కలిపే రిటర్నులో చూపాలి.

గడువు తీరే తేదీ కూడా రాసిపెట్టుకోవాల్సినదే. మెచ్యూరిటీ నాడు పునరుద్ధరించకుండా, తీసుకోకుండా వదిలేసిన డిపాజిట్ మీద పొదుపు ఖాతా రేటు, ఒప్పందం రేటు రెండింటిలో ఏది తక్కువైతే అదే ఇస్తారు. ఇది 2021 జులైలో రిజర్వు బ్యాంకు పెట్టిన నిబంధన.

రెండూ కలిపి

పెన్షన్‌తోనే ఇల్లు గడిచేవారికి క్యుములేటివ్, గడవనివారికి నెలవారీ చెల్లింపు అన్నది స్థూలంగా చెప్పే మాట. కానీ మొత్తం సొమ్మును ఒకే దారిలో పెట్టాలన్న నియమమేదీ లేదు. ఉపాధ్యాయుడికి పెన్షన్‌కు తోడు నెలకు ఏడు వేలు కావాలనుకుంటే, 12 లక్షలు నెలవారీ చెల్లింపులో పెడితే 6,960 వస్తాయి. మిగిలిన 8 లక్షలు క్యుములేటివ్‌లో వేస్తే అయిదేళ్లకు 11,31,823 అవుతాయి. గడువు తీరాక చేతిలో ఉండేది 20 లక్షలు కాదు, 23 లక్షల 31 వేలు. తర్వాతి అయిదేళ్లకు అప్పటి రేటు ఇదే అయితే, నెలకు 11,000 కావాలన్నా 19 లక్షల లోపే సరిపోతుంది. మొదటి అయిదేళ్లలో కదలకుండా ఉన్న నెలసరి సొమ్ము, రెండో విడతలో పెరిగిన ఖర్చును ఆ విధంగా కొంతవరకు అందుకుంటుంది.